నోటీసులో వడ్డీ దేని మీద వేశారు?

(విజయనగరంలో చిన్న వ్యాపారుల సమావేశంలో ఒక పన్ను ప్రాక్టీషనర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ.

జీఎస్టీ మొత్తం గురించి చెప్పమని నన్ను పిలిచినవాళ్లు అడిగారు. అంత పెద్ద విషయం గంటలో చెబితే ఇంటికెళ్లాక మీకు ఏమీ గుర్తుండదు. అందుకని ఈ రోజు ఒకే ఒక్క కాగితం గురించి మాట్లాడతాను. ఆ కాగితంలో కూడా రెండే రెండు గళ్లు: వడ్డీ గడి, పెనాల్టీ గడి. పన్ను ఎంత అన్న దగ్గర మనం పోట్లాడతాం, బిల్లులు తీస్తాం, లెక్కలు చూస్తాం. వడ్డీ దగ్గరకొచ్చేసరికి మాత్రం "కంప్యూటర్ వేసిందిలే, తప్పెందుకు ఉంటుంది" అని వదిలేస్తాం. తప్పులు ఎక్కువగా నాకు దొరికింది అక్కడే.

మా రాజాం నుంచి ఒకాయన వచ్చారు నా దగ్గరకు. టైల్స్, శానిటరీ సామాన్ల షాపు ఆయనది. చేతిలో ప్రింటు తీసిన DRC-01. అంటే జీఎస్టీలో షోకాజ్ నోటీసు సారాంశం. కుర్చీలో కూర్చోకుండానే అడిగారు: "ఏటండీ ఇది? ట్యాక్స్ సున్నా అంటన్నారు, మళ్లీ యాభై రెండు వేలు కట్టమంటన్నారు!"

ఆయన అడిగినదాంట్లోనే అసలు విషయం ఉంది. నోటీసు తెరిచి చూశాను. 2021 నవంబరు నెలకు సంబంధించినది. సెంట్రల్ జీఎస్టీ వరుసలో పన్ను 0, వడ్డీ 16,200, పెనాల్టీ 10,000. కింద స్టేట్ జీఎస్టీ వరుసలో మళ్లీ అవే అంకెలు. రెండూ కలిపితే 52,400 రూపాయలు. కింద రాసిన కారణం ఒక్క వాక్యం: రిటర్న్ ఆలస్యంగా వేశారు, ఆలస్యానికి వడ్డీ కట్టలేదు.

ఆలస్యం నిజమే. ఆ డిసెంబరులో ఆయన అకౌంటెంట్ ఆసుపత్రిలో ఉన్నాడు. నవంబరు GSTR-3B డిసెంబరు 20 లోపు వేయాలి. జనవరి 17న వేశారు. పన్ను మొత్తం అప్పుడే కట్టేశారు. వడ్డీ గడిలో మాత్రం ఏమీ నింపలేదు. కాబట్టి వడ్డీ బాకీ ఉన్న మాట వాస్తవం. ఇది మొదట ఒప్పుకోవాలి. ఎంత బాకీ అన్నదే ప్రశ్న.

ఇప్పుడు నేను ఏం చేశానో చెబుతాను, మీరూ ఇంటికెళ్లి అదే చేయండి. మొత్తం అంకె చూడొద్దు. వడ్డీ అంకె తీసుకుని వెనక్కి లెక్క వేయండి. వడ్డీ వేయాలంటే మూడు కావాలి: ఎంత సొమ్ము మీద, ఎన్నాళ్లకు, ఏ రేటుకు. నోటీసులో ఈ మూడూ రాయాలి. చాలాసార్లు రాయరు, ఫలితం ఒక్కటే రాస్తారు. అప్పుడు ఆ మూడూ మనమే తవ్వి తీయాలి.

రేటు మనకు తెలుసు. సెక్షన్ 50 కింద ఏడాదికి 18 శాతం. మన ఊరి భాషలో రూపాయిన్నర వడ్డీ. నూటికి నెలకు రూపాయిన్నర, పన్నెండు నెలలకు పద్దెనిమిది. ఇది నోటికి వచ్చిన లెక్కే కాబట్టి వెనక్కి తవ్వడం సులువు.

సొమ్ము కోసం ఆ నెల GSTR-3B పీడీఎఫ్ తీశాం. నవంబరులో అమ్మకాలు 60 లక్షలు. 18 శాతం చొప్పున పన్ను 10,80,000. అంటే సెంట్రల్ 5,40,000, స్టేట్ 5,40,000. ఇప్పుడు నోటీసులోని 16,200ను ఈ 5,40,000తో భాగించాను. సరిగ్గా 3 శాతం వచ్చింది. చుక్క కూడా మిగల్లేదు.

ఇక్కడే నేను ఆగాను. శాతం అంత గుండుగా రావడం అనుమానించాల్సిన విషయం. ఎందుకంటే జీఎస్టీలో వడ్డీ రోజుల లెక్క. రోజుల మీద వేస్తే శాతం ఎప్పుడూ పగిలే వస్తుంది. 28 రోజులకు 1.38 శాతం, 50 రోజులకు 2.47 శాతం, ఇలా. మూడు శాతం అని నున్నగా వచ్చిందంటే ఎవరో రూపాయిన్నరను రెండుతో హెచ్చించారు. అంటే రెండు నెలలు అనుకున్నారు. ఆలస్యం డిసెంబరులో మొదలైంది, జనవరిలో ముగిసింది. రెండు నెలలు తగిలాయి కాబట్టి రెండు నెలల వడ్డీ వేశారు!

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో అలాగే ఉంటుంది. అక్కడ రిటర్న్ ఆలస్యానికి నెలకు ఒక శాతం, నెలలో ఒక్క రోజు తగిలినా పూర్తి నెల కింద లెక్క. చట్టమే అలా రాసింది. జీఎస్టీ చట్టంలో ఆ మాట లేదు. గడువు తేదీ మర్నాటి నుంచి లెక్క మొదలు, రిటర్న్ వేసిన రోజుతో ముగింపు, మధ్యలో ఎన్ని రోజులుంటే అన్ని రోజులే. రెండు చట్టాలు ఒకే చేతి మీదుగా నడిచేచోట ఇది కలిసిపోతుంది. మనలో కొంతమంది ప్రాక్టీషనర్లు కూడా కలిపేస్తారు, ఒక్క ఆఫీసుల్నే అనడానికి లేదు.

సరే, రోజులు లెక్క పెడదాం. డిసెంబరు 21 నుంచి 31 వరకు 11. జనవరి 17 వరకు 17. మొత్తం 28.

ఈ 28ని అధికారి ఒప్పుకోవాలి కదా, మన వేళ్ల మీద లెక్క ఆయన ఎందుకు నమ్మాలి? దానికి పోర్టల్‌లోనే సాక్ష్యం ఉంది, చాలామంది గమనించరు. ఒక నెల రిటర్న్ ఆలస్యమైతే, ఆ ఆలస్య రుసుము, అదే లేట్ ఫీజు, తర్వాతి నెల GSTR-3Bలో సిస్టమ్ తానే వేసుకుంటుంది. అమ్మకాలున్న రిటర్న్‌కు రోజుకు 50 రూపాయలు: సెంట్రల్ 25, స్టేట్ 25. మా టైల్స్ ఆయన డిసెంబరు రిటర్న్ తెరిస్తే లేట్ ఫీజు 700, 700 కట్టినట్టు ఉంది. మొత్తం 1,400. యాభైతో భాగిస్తే 28. శాఖ కంప్యూటరే 28 రోజులని అప్పుడే లెక్క కట్టి, డబ్బు కూడా తీసుకుంది! ఇంక ఆ రోజుల మీద వాదన ఏముంది? ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఈ లేట్ ఫీజుకు టర్నోవర్‌ను బట్టి గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఆలస్యం చాలా ఎక్కువై ఆ పరిమితి తగిలితే ఈ తిరుగు లెక్క పనిచేయదు.

రోజుల తప్పు ఒక్కటే సరిచేస్తే 16,200 కాస్తా 7,456 అయింది. ఒక్కో వరుసలో సగానికి పైగా పోయింది. కానీ అంతకంటే పెద్ద తప్పు ఇంకా అలాగే ఉంది.

అది సొమ్ము దగ్గర. 5,40,000 మీద వడ్డీ వేశారు. ఈయన నిజంగా ఖజానాకు ఆలస్యంగా ఇచ్చింది 5,40,000నా? కాదు.

GSTR-3Bలో చివరికి వెళ్తే 6.1 అని ఒక పట్టిక ఉంటుంది, పన్ను చెల్లింపు పట్టిక. అందులో చెల్లించాల్సిన పన్ను ఒక గడి, ఐటీసీ ద్వారా కట్టింది ఒక గడి, క్యాష్‌గా కట్టింది ఒక గడి. ఐటీసీ అంటే మనం సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను, మన ఖాతాలో జమగా ఉండేది. ఈయన సెంట్రల్ వరుసలో 5,40,000లో 4,68,000 ఐటీసీతో సర్దుబాటైంది. క్యాష్‌గా కట్టింది 72,000. స్టేట్ వరుసలోనూ అంతే.

ఆ 4,68,000 ఎక్కడిది? గుజరాత్‌లోని మోర్బీ నుంచి టైల్స్ తెప్పించినప్పుడు, విశాఖలో డీలర్ దగ్గర కుళాయిలు కొన్నప్పుడు ఈయన వాళ్లకు బిల్లుతో పాటు కట్టిన పన్ను. వాళ్ల చేతుల మీదుగా అది ముందే ప్రభుత్వానికి చేరింది. ప్రభుత్వం దగ్గర ఉన్న డబ్బుకే ప్రభుత్వానికి ఆలస్యపు వడ్డీ కట్టమంటే ఎలా? ఆలస్యమైంది ఆ 72,000 మాత్రమే.

ఇది నా వాదన కాదు, చట్టమే ఇలా చెప్పింది. మొదట్లో మాత్రం స్పష్టత లేదు. మొత్తం పన్ను మీద వడ్డీ కట్టమని దేశమంతా నోటీసులు వెళ్లాయి. తర్వాత సెక్షన్ 50లో ఒక షరతు చేర్చారు: ఆ నెల అమ్మకాలను ఆ నెల రిటర్న్‌లోనే చూపించి, రిటర్న్ మాత్రం ఆలస్యంగా వేస్తే, క్యాష్ లెడ్జర్ నుంచి కట్టిన భాగం మీదే వడ్డీ. 2020 సెప్టెంబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ముందు నెలల సంగతేంటని గొడవైతే, 2021 ఫైనాన్స్ యాక్ట్‌తో ఆ షరతును జీఎస్టీ మొదలైన 2017 జూలై 1 నుంచే వర్తించేలా మార్చారు. లెక్క ఎలా కట్టాలో 2022లో రూల్ 88B పెట్టి రాశారు. కాబట్టి జీఎస్టీ పుట్టిన దగ్గర నుంచి ఏ నెలకైనా ఇది వర్తిస్తుంది.

అయితే ఇప్పుడు అసలు లెక్క వేద్దాం. ఒక్కో వరుసకు:

```
72000 × 18 × 28 ÷ 36500 = 994.19
```

రూపాయికి సవరిస్తే 994. రెండు వరుసలూ కలిపి 1,988. నోటీసులో వడ్డీ 32,400. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపిస్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "మరి నేను చీటీ పాడి కట్టేద్దామనుకున్నానండీ" అన్నారు. నాకు ఆ మాట ఇప్పటికీ మనసులో మెదులుతుంది. అప్పు తెచ్చి మరీ కట్టేసేవారు, లేని బాకీ.

ఫార్ములాలో 36500 ఎందుకని అడుగుతారు. వందనూ 365నూ హెచ్చిస్తే వచ్చింది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

ఇంతవరకూ విని, "అయితే ఎప్పుడూ క్యాష్ మీదే వడ్డీ" అనుకుని వెళ్లిపోకండి. అది పొరపాటు, దానివల్ల దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు.

నరసన్నపేటలో ఒక బట్టల వ్యాపారి. అక్టోబరులో 4 లక్షల బిల్లు ఒకటి రిటర్న్‌లో ఎక్కించడం మరిచిపోయారు. ఐదు శాతం, పన్ను 20,000. జనవరి రిటర్న్ వేసేటప్పుడు చూసుకుని అందులో కలిపారు. ఐటీసీ నిల్వ బాగానే ఉంది కాబట్టి క్యాష్ పైసా కట్టలేదు. వడ్డీ సున్నా అనుకున్నారు. కానీ షరతును ఇంకోసారి చదవండి: ఆ నెల అమ్మకాలు ఆ నెల రిటర్న్‌లోనే చూపించి ఉండాలి. ఈయన అక్టోబరు అమ్మకం జనవరిలో చూపించారు. రూలు ప్రకారం ఇక్కడ మొత్తం 20,000 మీద వడ్డీ పడుతుంది, ఐటీసీతో కట్టినా సరే. నవంబరు 21 నుంచి ఫిబ్రవరి 20 వరకు 92 రోజులు, 907 రూపాయలు. చిన్న మొత్తమే. కానీ నోటీసు సరైనదేనని ఆయనకు చెప్పి కట్టించాను.

రెండో మినహాయింపు: ఆ నెలకు సంబంధించి సెక్షన్ 73 గానీ 74 గానీ కింద పన్ను రాబట్టే చర్యలు మొదలయ్యాక మీరు రిటర్న్ వేస్తే, అప్పుడూ క్యాష్ భాగం అనే వెసులుబాటు ఉండదు. నోటీసు వచ్చేదాకా రిటర్న్ వేయకుండా కూర్చుంటే నష్టం ఇదే. రిటర్న్ వేయడానికి డబ్బు లేక ఆపుతారు చాలామంది, ఆ బాధ నాకు తెలుసు. కానీ ఆపినకొద్దీ వడ్డీ వేసే సొమ్ము 72,000 నుంచి 5,40,000కు పెరిగే ప్రమాదం ఉంది.

మన వైపు లాభించేది కూడా ఒకటి వచ్చింది. గడువు తేదీ లోపే చలానా కట్టి డబ్బు క్యాష్ లెడ్జర్‌లో ఉంచారు, రిటర్న్ మాత్రం ఆలస్యమైంది అనుకోండి. 2024 జూలై 10 నుంచి రూల్ 88Bలో చేర్చిన మాట ప్రకారం, గడువు తేదీ నుంచి రిటర్న్ వేసిన రోజు వరకు ఆ డబ్బు కదలకుండా అక్కడే ఉంటే దాని మీద వడ్డీ లేదు. నోటీసు వస్తే రిటర్న్‌తో పాటు క్యాష్ లెడ్జర్ కూడా తీసి చూడాలి. చలానా తేదీ అందులోనే ఉంటుంది.

(సభలోంచి ఒకరు: మా నోటీసులో 24 శాతం అని ఉందండి. అదేంటి మరి?)

మంచి ప్రశ్న అడిగారు బాబూ. మీది ఐటీసీ తప్పుగా తీసుకున్నారన్న నోటీసా? అవునా. అయితే వినండి. తప్పుగా తీసుకున్న ఐటీసీకి మొదట్లో 24 శాతం అని ఉండేది. 2022లో దాన్ని 18కి తగ్గించి, ఆ తగ్గింపును కూడా 2017 జూలై 1 నుంచే వర్తింపజేశారు. పాత ఎక్సెల్ షీటులో రేటు మార్చకుండా వాడితే ఇంకా 24 వస్తూ ఉంటుంది. అది మొదటి తప్పు.

రెండోది ఇంకా ముఖ్యం. తప్పు ఐటీసీ తీసుకోవడం ఒకటి, వాడుకోవడం మరొకటి. తీసుకుని వాడుకుంటేనే వడ్డీ. ఎలా తెలుస్తుంది? మీ క్రెడిట్ లెడ్జర్ తెరవండి. మీరు తప్పుగా తీసుకున్నది 40,000 అనుకుందాం. తీసుకున్న రోజు నుంచి వెనక్కి ఇచ్చిన రోజు వరకు మీ నిల్వ ఎప్పుడైనా 40,000 కంటే కిందికి దిగిందా? దిగకపోతే మీరు దాన్ని ముట్టుకోనట్టే, వడ్డీ లేదు. ఒక రోజు నిల్వ 25,000కు పడిందనుకోండి, అప్పుడు తగ్గిన 15,000 మేర వాడుకున్నట్టు. వడ్డీ ఆ 15,000 మీద, నిల్వ అలా తగ్గిన రోజు నుంచి. నోటీసులు సాధారణంగా 40,000 మీద, తీసుకున్న రోజు నుంచి వేస్తాయి. లెడ్జర్‌లో ఆ తేదీల దగ్గర నిల్వను గుర్తు పెట్టి ప్రింటు తీయండి. మీటింగ్ అయ్యాక మీది చూద్దాం.

ఇక పెనాల్టీ. మా టైల్స్ ఆయన నోటీసులో 10,000, 10,000 ఎక్కడివి? సెక్షన్ 73 కింద పెనాల్టీ అంటే పన్నులో 10 శాతం లేదా 10,000, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఈయన వరుసలో పన్ను సున్నా. సున్నాలో పది శాతం సున్నా. కాబట్టి ఫార్ములా నేరుగా 10,000 దగ్గరకు వెళ్లి ఆగింది, రెండు చట్టాలు కాబట్టి రెండుసార్లు. పెనాల్టీ గడిలో సరిగ్గా 10,000 కనిపించి పక్కన పన్ను సున్నానో, లక్ష కంటే తక్కువో ఉంటే, అది ఇలా వచ్చిందే.

వచ్చిన దారి తెలిసింది, కానీ అది పడాలా? ఆలస్యంగా కట్టిన సొంత లెక్క పన్నుకు పెనాల్టీ పెట్టే ఉపసెక్షన్ 73లో 11వది. గడువు తేదీ నుంచి 30 రోజుల్లోగా పన్ను కట్టకపోతేనే అది వస్తుంది. ఈయన 28వ రోజునే కట్టారు. ఆ దారి మూసుకుపోయింది. రెండోది, నోటీసు ఇచ్చిన 30 రోజుల్లో పన్నూ వడ్డీ కట్టేస్తే 73 కింద పెనాల్టీ ఉండదు. పన్ను కట్టే ఉంది, మిగిలింది 1,988 వడ్డీ. ఈ రెండింటిలో ఏది పట్టుకున్నా 20,000 నిలబడదు.

ముప్పై రోజులు దాటినవాళ్లు కంగారు పడకండి. 2018 డిసెంబరు 31న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 76వ సర్క్యులర్ ఉంది. రిటర్న్ ఆలస్యంగా వేసినా పన్నూ వడ్డీ కట్టేసి ఉంటే 73(11) పెనాల్టీ వేయకూడదని అందులో చెప్పారు. సాధారణ పెనాల్టీ సెక్షన్ 125 కింద వేయవచ్చని కూడా అందులోనే ఉంది, అది కూడా చెప్పాలి. అందుకే వడ్డీ బాకీ ఉంటే నోటీసు కోసం ఎదురుచూడకుండా, మనంతట మనమే కట్టే ఫారం DRC-03లో కట్టేయడం మేలు.

సెక్షన్ నంబర్ కూడా చూడండి. 73కు బదులు 74 అని ఉంటే మోసం, ఉద్దేశపూర్వకంగా దాచారన్న ఆరోపణ. పెనాల్టీ పన్నుతో సమానం అవుతుంది. రిటర్న్‌లో మీరే చూపించిన అమ్మకానికి ఆ సెక్షన్ వాడితే, ఏది దాచామో చెప్పమని రాతపూర్వకంగా అడగండి. 2024-25 ఆర్థిక సంవత్సరం నుంచి రెండింటి స్థానంలో 74A వచ్చింది. మోసం ఆరోపణ లేనిచోట నోటీసు తర్వాత పెనాల్టీ లేకుండా కట్టే గడువు అందులో 60 రోజులు. వడ్డీ లెక్క మాత్రం మారలేదు.

ఇప్పుడు జవాబు ఎలా రాశామో చెబుతాను. DRC-06లో రాశాం, ఒకే పేజీ. కోర్టు తీర్పులు ఒక్కటీ పెట్టలేదు. మొదటి పేరాలో, ఆలస్యం నిజం, వడ్డీ కట్టాల్సి ఉంది అని ఒప్పుకున్నాం. తర్వాత రెండు వరుసల చిన్న పట్టిక: నోటీసు లెక్క ఎలా వచ్చింది, అంటే 5,40,000 మీద 3 శాతం, చట్టం ప్రకారం ఎలా రావాలి, అంటే 72,000 మీద 28 రోజులు. నోటీసు అంకె మేము తిరిగి కట్టి చూపించడం వల్ల, అధికారికి తన లెక్కలో తప్పు ఎక్కడుందో తానే చూసుకునే వీలు కలిగింది. "మీ లెక్క తప్పు" అని ఊరికే రాస్తే ఎవరూ ఒప్పుకోరు. జతగా నవంబరు GSTR-3B, అందులో రిటర్న్ వేసిన రోజును చూపే ఏఆర్‌ఎన్ తేదీ, 6.1 పట్టిక గుర్తుపెట్టి. డిసెంబరు GSTR-3Bలో లేట్ ఫీజు 1,400 గుర్తుపెట్టి. 1,988 కట్టిన DRC-03. అన్నీ 30 రోజుల్లోనే.

వ్యక్తిగత విచారణకు అవకాశం కావాలని గడిలో టిక్ పెట్టడం మాత్రం మరవకండి. మా కేసులో పిలిచారు. లోపలికెళ్లి పది నిమిషాలు కూర్చున్నాం. అధికారి క్యాలిక్యులేటర్ తీసి 72,000ను తనే కొట్టి చూసుకున్నారు. మిగతాది విరమించుకున్నారు.

అందరికీ అలా జరగదు. జవాబు ఇవ్వనివాళ్లకూ, ఇచ్చినా ఒప్పుకోనివాళ్లకూ ఆర్డర్ వస్తుంది, దాని సారాంశం DRC-07. అది వస్తే మొదట చేయాల్సిన పని, పాత DRC-01 పక్కన పెట్టి గడి గడికీ పోల్చడం. సెక్షన్ 75లో ఏడో ఉపసెక్షన్ ఉంది: నోటీసులో చూపిన పన్ను, వడ్డీ, పెనాల్టీ కంటే ఎక్కువ ఆర్డర్‌లో అడగకూడదు, నోటీసులో లేని కారణం మీదా అడగకూడదు. అంకెల తప్పు స్పష్టంగా కనిపించేదైతే సెక్షన్ 161 కింద సవరణ కోరవచ్చు. ఆర్డర్ వచ్చిన మూడు నెలల్లో ఆ తప్పును అధికారి దృష్టికి తేవాలి. అప్పీలుకు కూడా మూడు నెలలే, సెక్షన్ 107. ఇక్కడ ఒక్క హెచ్చరిక. సవరణ దరఖాస్తు పెట్టాం కదా అని అప్పీలు గడువు ఆగదు. సవరణ కోసం కూర్చుని అప్పీలు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. రెండు తేదీలూ ఒకే కాగితం మీద రాసి షాపులో గోడకు అంటించండి.

ఈ ముందు వరుసలో పార్వతీపురం నుంచి వచ్చిన అమ్మగారు ఉదయం తన DRC-07 చూపించారు. DRC-01లో వడ్డీ 8,640 ఉంటే ఆర్డర్‌లో 11,310 అయింది, ఆర్డర్ తేదీ వరకు వడ్డీ పెంచి వేశారు. ఆవిడ పన్ను మాత్రం చాలా ముందే కట్టేశారు. పన్ను కట్టిన రోజుతో వడ్డీ ఆగాలి. అమ్మా, ఆ చలానా రసీదు ఇంట్లో ఉందన్నారు కదా, రేపు అది పట్టుకుని రండి. ఆర్డర్ వచ్చి రెండు నెలల పది రోజులైంది. ఇంకా ఇరవై రోజులుంది మనకి.